కబడ్డీ కప్పు అందుకునేటప్పుడు కెప్టెన్ 90 సెకన్లల్ల ఏం మాట్లాడాలె? (హన్మకొండ)

కెప్టెన్_హన్మకొండ
అందరికీ నమస్తే. మా డిగ్రీ కాలేజ్ అమ్మాయిల కబడ్డీ టీం ఈసారి ఇంటర్ కాలేజ్ కప్పు కొట్టింది. ఫైనల్ మొన్ననే అయిపోయింది, కప్పు మాత్రం ఆదివారం సాయంత్రం క్లోజింగ్ ఫంక్షన్ల ఇస్తరు, ఓపెన్ గ్రౌండ్‌ల, స్టేజీ వేసి. నేను కెప్టెన్‌ని. వాలీబాల్, ఖోఖో కెప్టెన్లు గూడ మాట్లాడుతరు కాబట్టి ఒక్కొక్కరికి తొంబై సెకన్లే అని ముందే చెప్పిన్రు, దాటితే మైక్ తీసుకుంటరంట. నేను రాసుకున్నది ఫోన్‌ల టైమర్ పెట్టి చదివితే రెండు నిమిషాల నలభై సెకన్లు వస్తున్నది. సార్ గురించి చెప్పాలె, పన్నెండు మంది గురించి చెప్పాలె, ఎవ్వరిని తీసేయాల్నో తెలుస్తలేదు. మొదలు ఇట్లున్నది:

"వేదికను అలంకరించిన గౌరవనీయులైన ముఖ్య అతిథి గారికి, ప్రిన్సిపాల్ మేడం గారికి, వైస్ ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక బృందానికి, క్రీడాభిమానులకు, పాత్రికేయ మిత్రులకు నా హృదయపూర్వక నమస్కారాలు. ఈ విజయం నా ఒక్కదానిది కాదు. మా కోచ్ గారి అకుంఠిత దీక్ష, నిరంతర కృషి, మొక్కవోని పట్టుదల మమ్మల్ని ఈ స్థాయికి తీసుకొచ్చాయి..."

ఆ తర్వాత పన్నెండు మంది పేర్లు, ఒక్కొక్కరికి ఒక్కో లైన్ ఉన్నది. ఎట్ల తగ్గించాలె చెప్పుండ్రి.

రైడర్_జనగామ
చెల్లె కంగ్రాట్స్! ఇదేం పెద్ద పని కాదు. పన్నెండు పేర్లు గబగబ చదివితే పన్నెండు సెకన్లు, సార్‌కు థ్యాంక్స్ అయిదు సెకన్లు, అయిపాయె. మనం కూత పెట్టేటోళ్లం, ఒక్క ఊపిరి మీద ముప్పై సెకన్ల రైడ్ చేస్తం, మూడు ఊపిర్లల్ల తొంబై సెకన్లు దాటిపోతయ్. పేర్లు మాత్రం ఒక్కటి గూడ వదలకు, అందరి ఇంటోళ్లు వస్తరు గద.

భూపాలపల్లి_శ్రీను
సన్మాన సభకు అయితే ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత శాలువా, జ్ఞాపిక, ఆ తర్వాతనే స్పందన ఉంటది. మా బాబాయి రిటైర్మెంట్‌కు నేను రాసిచ్చిన సన్మాన పత్రం ఉన్నది, ఒక పేజీన్నర, కావాలంటే పెడుత. ప్రాస మంచిగ కుదిరింది అందుల.

కెప్టెన్_హన్మకొండ
శ్రీను అన్నా థ్యాంక్స్, కానీ ఇది సన్మానం కాదు, నేనే కప్పు తీసుకొని మాట్లాడాలె. పేజీన్నర చదివేలోపు కరెంటే తీసేస్తరు.

పీడీ_పర్కాల
బిడ్డా, నేను ఫిజికల్ డైరెక్టర్‌గ చేసి రిటైర్ అయిన, ఇసొంటి బహుమతి ప్రదానాలు చాన నడిపించిన కాబట్టి స్టేజీ ఎనుక ఏం జరుగుతదో చెప్త.

ముందు టైం సంగతి. తొంబై సెకన్లంటే నీకు మాట్లాడనీకి దొరికేది డెబ్బై, డెబ్బై అయిదే. నీ పేరు పిలిచినంక మెట్లెక్కి మైక్ దగ్గరికి పోవాలె, పిల్లలు అరుస్తరు, చప్పట్లు కొడుతరు, ఆ చప్పట్ల మీద నువ్వు మాట్లాడితే ఎవ్వరికీ వినపడది, ఆగాలె. ఆ ఆగుడంతా నీ లెక్కలకే వస్తది. ఇంకోటి, ఇంగ్లీషుల నిమిషానికి నూటముప్పై, నూటయాభై మాటలు అంటరు, ఆ లెక్క మనకు పనికిరాదు. తెలుగు మాట పొడుగు, "తీసుకొచ్చిండు" అన్నది ఒక్క మాటే కానీ నోట్లె అయిదు అక్షరాలు తిరగాలె. గ్రౌండ్ల మైక్ ముందట నిమిషానికి వంద మాటలు వస్తే మంచిగ మాట్లాడినట్టు. అంటే నీ కాగితం మీద నూటపది, నూటఇరవై మాటలు ఉండాలె, అంతే.

పేర్ల సంగతికొస్తే జనగామ తమ్ముడు చెప్పిన దాంట్ల సగం నిజం ఉన్నది. ఇంటోళ్లు పేరు కోసమే చూస్తరు, అది వదలొద్దు. కానీ పేర్లు సెకనుకు ఒకటి చొప్పున పోవు. ఒక పేరు చెప్పంగనే ఆ పిల్ల దోస్తులు ఒక్కసారే లేస్తరు, నాలుగైదు సెకన్లు కేకలు. పన్నెండు మందికి లెక్కేసుకో, నీ టైం మొత్తం దాంట్లనే పాయె, సార్ పేరు రాకముందే మైక్ గుంజుకుంటరు. నేను కండ్లార చూసిన.

దానికి ఒక ఉపాయం ఉన్నది. శనివారం నాడే పోయి అనౌన్సర్‌ను కలువు. టీం స్టేజీ ఎక్కేటప్పుడు పన్నెండు పేర్లు, ఎవరు ఏ ఊరు, ఆయన చదువుతడు. ఎట్లాగూ మెడల్స్ వేసేటప్పుడు ఆయన మాట్లాడుతనే ఉంటడు, అది నీ తొంబై సెకన్లల్ల పడది. పేర్లు పెద్ద అక్షరాలతోని, పలికేటట్టు రాసి ఇయ్యి, ఇంటిపేర్లు తప్పు చదివితే పిల్లలు చిన్నబుచ్చుకుంటరు. గట్లయితే నీ మాటలల్ల పేర్ల పట్టిక మోసుడు తప్పుతది.

నర్సంపేట_అమ్మ
సార్ చెప్పింది బాగున్నది కానీ ఒక్క మాట. మా బిడ్డ ఖోఖో టీంల ఉండె, టోర్నమెంట్ మొత్తం బయటనే కూసుండబెట్టిన్రు. కప్పు వచ్చిన రోజు కెప్టెన్ ఆడినోళ్లందరి పేర్లు చెప్పింది, "ఇంకా మిగతా సభ్యులు" అన్నది. నేను ముందటి వరుసల కూసున్న, నా బిడ్డ ఆ మిగతాల ఉన్నది. ఇంటికొచ్చినంక అన్నం తినలేదు, తెల్లారి నుంచి గ్రౌండ్‌కే పోలేదు. వాళ్ల కెప్టెన్ మంచి పిల్లనే, దానికి తెల్వదు అంతే. నువ్వు మిగతా అనకు బిడ్డా. ఆ మాట ఒక్కటి రానియ్యకు.

కెప్టెన్_హన్మకొండ
అమ్మా, నా కాగితం మీద సరిగ్గా అదే మాట ఉన్నది, ఇప్పుడే కొట్టేసిన. మాకు అయిదుగురు సబ్‌స్టిట్యూట్స్, వాళ్లల్ల ముగ్గురు ఫైనల్‌ల మ్యాట్ మీద అడుగు గూడ పెట్టలే. కానీ రోజూ ప్రాక్టీస్‌ల మాకు ఎదురుగా రైడ్‌కు వచ్చేది వాళ్లే, మేం ట్యాకిల్ నేర్చుకున్నది వాళ్లను పడేసుకుంటనే.

పీడీ_పర్కాల
ఇగో, నీ ఉపన్యాసం దొరికింది. ఇప్పుడు రాసినవు చూడు, "వాళ్లను పడేసుకుంట నేర్చుకున్నం" అని, గదే చెప్పు. బెస్ట్ రైడర్, బెస్ట్ డిఫెండర్ ప్రైజులు ఎట్లాగూ వేరే పిలిచి ఇస్తరు, వాళ్ల పేర్లు ఊరంతా వింటది. నీ నోటితోని ఆ అయిదుగురి పేర్లు పలుకు. అనౌన్సర్ పన్నెండు చదువుతడు, కెప్టెన్ మాత్రం అయిదే చెప్తది.

సార్ గురించి రాసిన వాక్యం తీసేయ్. అకుంఠిత దీక్ష అన్నది ఏ ఆటకైనా ఏ సార్‌కైనా అతుకుతది. మీ సార్ చేసిన ఒక్క పని చెప్పు, వేరే సార్ ఎవ్వరూ చెయ్యనిది. పని చెప్తే దీక్ష అదే తెలుస్తది.

కెప్టెన్_హన్మకొండ
సార్ చేసినయి మస్తున్నయ్. ఒకటంటే... మా గ్రౌండ్ మట్టిది, చిన్నప్పటి సంది వట్టి కాళ్లతోనే ఆడినం. ఈ టోర్నమెంట్ మ్యాట్ మీద అని తెలిసినంక అందరికీ భయమైంది, మ్యాట్ మీద షూస్ వేసుకొని ఆడాలె, మట్టి మీద జారినట్టు అక్కడ కాలు జారది, పట్టేసుకుంటది, ఒక్కసారే తిరిగితే మోకాలు పోతది. మా సార్ పక్క కాలేజీల మ్యాట్ ఉన్నదని తెలుసుకొని వాళ్లను బతిమిలాడి తెల్లారగట్ల అయిదున్నరకు వాచ్‌మన్‌తోని గేటు తీయించేది. మమ్మల్ని తోలుకపోయి, మళ్లా తొమ్మిదిన్నర క్లాసుకు తెచ్చి దింపేది. అప్పటికి సార్ ఇంకా చాయ్ గూడ తాగకపోయేది.

రైడర్_జనగామ
ఇది చెప్పు చెల్లె!! ఇది వింటే నాకే రోమాలు లేస్తున్నయ్. మ్యాట్ కష్టం ఆడినోళ్లకే తెలుసు. నేను పేర్లన్నీ చదవమన్నది వాపస్ తీసుకుంటున్న, పీడీ సార్ చెప్పిన అనౌన్సర్ ముచ్చట బెటర్. కానీ ఒక్క ఊపిరి మీద మాట్లాడుమన్నది మాత్రం పనికొస్తది, మధ్యల ఆగితే ఏడుపు వస్తది.

సౌండ్‌బాక్స్_కాజీపేట
రైడర్ అన్నా, కూత లెక్క మాట్లాడితే గ్రౌండ్ల ఒక్క ముక్క అర్థం కాదు. నేను సౌండ్ సిస్టమ్స్ పెట్టేటోన్ని. ఓపెన్ గ్రౌండ్ల బాక్సులు స్టేజీ పక్కన రెండు, ఆ చివర జనం దగ్గర ఇంకో రెండు పెడుతం. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతది, వంద మీటర్ల దూరంల ఉన్న బాక్స్ నుంచి నీ మాట నీకు వాపస్ వచ్చేసరికి సెకన్ల మూడో వంతు గడుస్తది. నువ్వు "సార్" అంటవు, తర్వాత మాటల ఉంటవు, అప్పుడు ఎనుక నుంచి "సార్" అని వినపడుతది. కొత్తోళ్లు దానికి గాబరా పడి ఇంకా స్పీడ్ పెంచుతరు, ఒక మాట మీద ఒక మాట పడి అంతా గోల అయితది. వాక్యం అయినంక ఒక్క క్షణం ఆగాలె, ఎనుక శబ్దం చల్లారినంక తర్వాతది అందుకోవాలె. చిన్న వాక్యాలు ఉంటేనే గట్ల ఆగొచ్చు, మీరు మొదలు రాసిన వాక్యంల ఆగనీకి జాగనే లేదు.

మైక్ సంగతి గూడ చెప్త. నోటికి పిడికిలంత దూరంల పట్టుకోవాలె, నోటికి ఆనిస్తే ప, భ అన్నప్పుడల్లా బాక్సుల దబ్ దబ్ అంటది. జాలీని చేత్తో మూసి పట్టుకోవద్దు, బాక్సుల ముందటికి నడవొద్దు, కుయ్యిమని అరుస్తది, అది ఆపుకునేసరికి పది సెకన్లు పోతయ్. అన్నిటికన్నా ముఖ్యం, కప్పు ఒక చేతిల మైక్ ఒక చేతిల పెట్టుకోకుండ్రి. కప్పు బరువుకు చెయ్యి దిగుతది, దాంతోని మైక్ చెయ్యి గూడ దిగుతది, మాట్లాడే పిల్లకు తెల్వదు, కింద మాకు వాల్యూమ్ పడిపోతుంటది. కప్పు వైస్ కెప్టెన్‌కు ఇచ్చి మైక్ తీసుకోవాలె.

పీడీ_పర్కాల
సౌండ్ తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు. కాగితం గూడ చిన్న అట్టముక్క మీద రాసుకో. ఫోన్ అయితే ఎండల స్క్రీన్ కనపడది, చేతులు వణికితే లాక్ పడుతది, ఎవ్వరో ఫోన్ చేస్తరు. అట్ట మీద మొత్తం ఉపన్యాసం రాయకు, నాలుగు మాటలు, అయిదు పేర్లు చాలు. పేర్లే మర్చిపోయేది, మిగతాది నీ బతుకే గనక నీకు యాదికుంటది.

కెప్టెన్_హన్మకొండ
రాత్రి కూసోని మళ్లా రాసిన. పిల్లల పేర్లు ఇక్కడ మార్చి పెడుతున్న. నిలబడి, వాక్యం వాక్యానికి ఆగి చదివితే డెబ్బై సెకన్ల దగ్గర వస్తున్నది.

"సభకు నమస్కారం. మేం మట్టి మీద కబడ్డీ నేర్చుకున్నోళ్లం. ఈ టోర్నమెంట్ మ్యాట్ మీద అన్నప్పుడు మా దగ్గర షూస్ గూడ లేవు. మా సార్ పక్క కాలేజీల మ్యాట్ అడిగిండు. తెల్లారగట్ల అయిదున్నరకు గేటు తీయించిండు. ప్రాక్టీస్ చేపిచ్చి, క్లాస్ టైంకు మమ్మల్ని తెచ్చి దింపిండు. ఒక్క రోజు గూడ ఆలస్యం కాలేదు.

సెమీస్‌ల మేం ముగ్గురమే మిగిలినం. వాళ్ల రైడర్ బోనస్ కోసం కాలు చాపలే, టచ్ కోసం లోపలికి వచ్చింది. సంధ్య యాంకిల్ పట్టింది. మౌనిక మీద పడి ఆపింది. ఆ సూపర్ ట్యాకిల్ లేకపోతే మేం ఫైనల్‌ల లేము.

మీరు మ్యాట్ మీద ఏడుగురిని చూసిన్రు. ఆ ఏడుగురికి ఎదురుగా రోజూ రైడ్‌కు వచ్చి, మాతోని పడి, లేచి, మళ్లా వచ్చినోళ్లు ఉన్నరు. రమ్య, శిరీష, భవాని, అఖిల, స్వప్న. మాకు పట్టుడు నేర్పింది వాళ్లే.

ఫైనల్‌ల మాతోని ఆఖరి రైడ్ దాకా పోరాడిన టీంకు చప్పట్లు కొట్టుండ్రి. సార్, జర ముందుకు రండి. ఈ కప్పు ముందుగాల మీరు పట్టుకోవాలె."

నర్సంపేట_అమ్మ
ఆ అయిదుగురి అమ్మలు ఎక్కడున్నరో గానీ ఆ రోజు వాళ్ల మొహాలు చూడాలని ఉన్నది. మంచిగ రాసినవు బిడ్డా.

రైడర్_జనగామ
సూపర్. ఒక్కటి, "బోనస్ కోసం కాలు చాపలే" లైన్ తీసెయ్. ముగ్గురే ఉన్నప్పుడు బోనసే ఉండది గద, ఆరుగురు ఉంటేనే బోనస్. ఆడేటోళ్లు వింటే పట్టుకుంటరు, ఆడనోళ్లకు అర్థమే కాదు.

కెప్టెన్_హన్మకొండ
అవును అన్నా, తీసేసిన. "వాళ్ల రైడర్ లోపలికి వచ్చింది" అని పెట్టిన, నాలుగు సెకన్లు గూడ మిగిలినయ్.

వరంగల్_యాంకర్
నేను స్టేజీ మీద యాంకరింగ్ చేస్త. మొదలు గురించి ఒక అభ్యంతరం ఉన్నది. "సభకు నమస్కారం" అని ఊకుంటే ముఖ్య అతిథి, ప్రిన్సిపాల్ ఏమనుకుంటరు? మన దగ్గర పెద్దల పేరెత్తకపోతే పొగరు అంటరు, అమ్మాయి అయితే ఇంకా ఎక్కువ అంటరు. నేనైతే "ముఖ్య అతిథి గారికి, మా ప్రిన్సిపాల్ మేడంకు, సభకు నమస్కారం" అని పెడుత. అయిదు సెకన్లు, అంతకన్నా పట్టది. ఒక్కొక్కరి హోదాలు చదివేది మా పని, అప్పటికే రెండుసార్లు చదివి ఉంటం.

ఇంకోటి, సార్‌ను ఆఖర్ల పిలుసుడు నాకు నచ్చింది. 2024ల బార్బడోస్‌ల టీ20 వరల్డ్ కప్పు గెలిచినంక కప్పు తెచ్చి కోచ్ ద్రావిడ్ చేతుల పెట్టిన్రు, అప్పటిదాక ఎన్నడూ గట్ల అరవని మనిషి కప్పు ఎత్తి అరిచిండు. ఆయన గురించి ఆ నిమిషంల ఎవ్వరూ ఉపన్యాసం ఇయ్యలే, కానీ అందరికీ యాదికున్నది అదే. కప్పు చేతికి ఇచ్చుడుకు మైక్ టైం పట్టది.

పీడీ_పర్కాల
నమస్కారం సంగతిల యాంకర్ చెప్పిందే కరెక్టు, అయిదు సెకన్లు పెట్టుకో. కానీ సార్‌ను ఆఖర్ల పిలిచే సంగతిల నాది వేరే మాట. నేను కోచ్‌ను కాబట్టి చెప్తున్న, పిల్లలు గెలిచిన రోజు స్టేజీ ముందటికి రమ్మంటే మాకు ఇబ్బంది అయితది, చానమంది రాము, ఎనుక నిలబడి చెయ్యి ఊపుతం. ఆయన రాకపోతే నువ్వు మైక్ పట్టుకొని "రండి సార్, రండి సార్" అనుకుంట ఇరవై సెకన్లు నిలబడుతవు, కట్టిన లెక్క మొత్తం పాడైతది. ఆఖరు మాట పిల్లల మీద ఉంచి, కప్పు సార్‌కు కిందికి దిగినంక ఇచ్చుకోండ్రి.

వరంగల్_యాంకర్
సార్, కిందికి దిగినంక ఇస్తే ఎవ్వరు చూస్తరు? ఫోటో గూడ రాదు. మన జిల్లాల కోచ్‌ల పేరు బయటికి వచ్చేదే తక్కువ. కల్లెడ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్లల్ల కాంస్యం తెచ్చింది కాబట్టి నాగపురి రమేష్ సార్ పేరు ఇంత మందికి తెలిసింది. కాలేజీ స్థాయిల ఉన్న సార్లను ఎవ్వరు అడుగుతరు? ఆయన్ను పిలవాల్సిందే. రాడన్న భయం ఉంటే వైస్ కెప్టెన్‌ను కప్పుతోని ఆయన పక్కనే నిలబెట్టండ్రి, ఆ మాట రాంగనే ఆమెనే చేతుల పెట్టేస్తది. ఆయన నడిచే పనే లేదు.

సౌండ్‌బాక్స్_కాజీపేట
ఇది మంచిగున్నది. ఎట్లాగూ కప్పు వైస్ కెప్టెన్ దగ్గరనే ఉంటది అనుకున్నం గద.

పీడీ_పర్కాల
ముందే ఆయన పక్కన నిలబెడితే సరే, ఒప్పుకుంటున్న. కానీ ఆయనకు తెలియకుండ చేస్తరా చెప్పి చేస్తరా? నాకైతే ముందు చెప్తేనే మర్యాద అనిపిస్తది.

కెప్టెన్_హన్మకొండ
ముందు చెప్తే వద్దంటడు సార్, నాకు తెలుసు. ఆ రోజు లీవ్ పెట్టినా పెడుతడు.

ఇంకో సంగతి అడుగుత, ఇది నన్ను తింటున్నది. మా టీంను మొదలు పెట్టింది ఈ సార్ కాదు. అంతకు ముందున్న మేడం అమ్మాయిలకు కబడ్డీ ఎందుకు అన్నోళ్లతోని కొట్లాడి, ఇండ్లల్లకు పోయి అమ్మానాన్నలతోని మాట్లాడి మమ్మల్ని గ్రౌండ్‌కు తెచ్చింది. నన్ను పంపియ్యమని మా నాయిన దగ్గరికి మూడు మాట్ల వచ్చింది. తర్వాత ట్రాన్స్‌ఫర్ అయిపోయింది. ఆదివారం ఆమె రాదు. ఆమె పేరు చెప్పాలని ఉన్నది, కానీ సార్ ముందట చెప్తే సార్ కష్టం తక్కువ చేసినట్టు అయితదా?

నర్సంపేట_అమ్మ
చెప్పు బిడ్డా. ఇంటికి వచ్చి తండ్రిని ఒప్పించిన మనిషి పేరు చెప్పకుండ ఎట్ల? సార్ మంచోడు అయితే ఆయనే సంతోషపడుతడు.

వరంగల్_యాంకర్
నేను వద్దంట. తొంబై సెకన్లల్ల ఇద్దరు కోచ్‌లు వస్తే జనానికి ఎవరు ఎవరో తెల్వది, చప్పట్లు రెండు దిక్కులు పోతయ్. మేడంకు ఆ రాత్రి ఫోన్ చెయ్యి, వీడియో పంపు.

పీడీ_పర్కాల
నేను రెండుసార్లు ట్రాన్స్‌ఫర్ అయిన బిడ్డా, నేను మొదలు పెట్టిన టీంలు వేరే సార్ల చేతుల కప్పులు గెలిచినయ్. అందుకే నా మాట దిక్కు చూసి తీసుకో. పెడితే మాత్రం సార్ ముచ్చట కన్నా ముందట పెట్టు, ఆఖర్ల కాదు. "మా ఇండ్లకు వచ్చి మమ్మల్ని అడిగి తెచ్చింది మా మేడం" అని పేరుతోని ఒక్క వాక్యం, ఆ వెంబడే మట్టి, మ్యాట్, మా సార్. గట్లయితే ఒకరు మొదలు పెడితే ఇంకొకరు నడిపిచ్చినట్టు వరుస కుదురుతది, ఎవ్వరిదీ తక్కువ కాదు. ఆరు సెకన్లు పడుతది. బోనస్ లైన్ల నాలుగు మిగిలినయ్, "ఒక్క రోజు గూడ ఆలస్యం కాలేదు" తీసేస్తే ఇంకో రెండు.

కెప్టెన్_హన్మకొండ
ఆ ఆలస్యం లైన్ తీసుడు కష్టంగ ఉన్నది సార్, అది నిజం గనక. కానీ మేడం కోసం తీసేస్త. వరుస మీరు చెప్పినట్టే పెట్టి చదివిన, నమస్కారం అయిదు సెకన్లు కలిపి గూడ డెబ్బై అయిదు లోపలనే వస్తున్నది. రేపు పొద్దున అనౌన్సర్ దగ్గరికి పన్నెండు పేర్ల కాగితం తీసుకపోతున్న. కప్పు సంగతి సార్‌కు ముందు చెప్పాల్నా వద్దా అన్నది టీంల సగం సగం అయిపోయిన్రు, వైస్ కెప్టెన్ వద్దే వద్దంటున్నది. శనివారం ప్రాక్టీస్ అయినంక అందరం కూసోని తేలుస్తం.